గుంత లెక్క, తొట్టె లెక్క, కాటా లెక్క

మా పెద్దమ్మగారి అబ్బాయి హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న అపార్ట్‌మెంటు కట్టించే పని పెట్టుకున్నాడు. రేపు సెల్లార్ తవ్వకం అనగా ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, గుంత 60 అడుగుల పొడవు, 40 వెడల్పు, 10 లోతు. మొత్తం 24,000 ఘనపుటడుగులు. పది టైర్ల టిప్పర్‌లో 500 పడతాయట. అంటే 48 ట్రిప్పులు. ఆ టిప్పర్లాయన మాత్రం ఎనభై పైనే అవుతాయంటున్నాడు. ట్రిప్పుకింత అని మాట్లాడుకున్నాం కదా, నన్ను ముంచుతున్నాడేమో చూడు" అన్నాడు.

టిప్పర్ల యజమాని ముంచడం లేదు. అన్నయ్య భాగహారంలోనూ తప్పు లేదు. ఒకరు గుంతను కొలిచి మాట్లాడుతున్నారు, మరొకరు బండిని చూసి మాట్లాడుతున్నారు. గుంతలో ఉన్న మట్టికీ బండిలో పడ్డ మట్టికీ బరువు ఒకటే కానీ పరిమాణం ఒకటి కాదు. కట్టడాల దగ్గర ఏటా జరిగే ఎన్నో తగాదాలకు మూలం ఇదే కాబట్టి అన్నయ్య గుంతనే పట్టుకుని లెక్క మొత్తం వివరంగా చెబుతాను.

కరెంటు స్తంభం పీకేసి గుంత పూడ్చినప్పుడో, మొక్కకు తవ్విన మట్టిని తిరిగి నింపినప్పుడో మీరు చూసే ఉంటారు. తీసిన మట్టంతా లోపలికి తోసినా పైన చిన్న దిబ్బ మిగులుతుంది. నేలలో ఏళ్ల తరబడి పైబరువుకీ వానలకీ అణిగి కూర్చున్న మట్టిలో గింజకూ గింజకూ మధ్య కొద్దిపాటి ఖాళీలే ఉంటాయి. మామూలు ఎర్రమట్టి అయితే నూటికి అరవై పాళ్లు గట్టి పదార్థం, మిగిలిన నలభై గాలీ నీరూ అనుకోండి. పలుగు పడగానే ఆ కూర్పు చెదిరిపోతుంది. పెళ్లలు అడ్డదిడ్డంగా ఒకదానిమీద ఒకటి వాలతాయి, వాటి సందుల్లోకి కొత్తగా గాలి చేరుతుంది. గట్టి పదార్థం గింజ కూడా పెరగలేదు, కానీ నూరు తట్టల చోటులో ఉన్నది ఇప్పుడు నూట పాతిక తట్టలు నింపుతుంది. ఈ పెరుగుదలనే ఇంజనీర్లు స్వెల్ అంటారు. నూటికి పాతిక పెరిగితే స్వెల్ 25 శాతం, లెక్కలో 1.25తో హెచ్చవేస్తారు. ఆ 1.25నే స్వెల్ ఫ్యాక్టర్ అంటారు.

ఇక్కడ ఒక మాట. నల్లరేగడి వానకు ఉబ్బి గోడలు పగలగొడుతుందే, ఆ ఉబ్బు వేరు. అది బంకమట్టి రేణువులు నీరు పీల్చుకోవడం వల్ల వచ్చేది, నేల కదలకుండా ఉన్నచోటే జరిగేది. మనం మాట్లాడుతున్నది తవ్వడం వల్ల వచ్చే పెరుగుదల. నీటితో దానికి పని లేదు. తడి ఇసుక పొడి ఇసుక కన్నా ఎక్కువ చోటు తీసుకోవడం కూడా వేరే సంగతే. ఇంగ్లీషులో దగ్గరి మాటలు వాడటంతో కొత్తగా సైటుకొచ్చే కుర్రాళ్లు ఈ మూడింటినీ కలిపేస్తుంటారు.

ఏ మట్టి ఎంత పెరుగుతుందన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఇసుక గింజలు నేలలోనూ విడివిడిగానే ఉంటాయి, కాబట్టి తవ్వినా నూటికి పది, పదిహేను మించి పెరగవు. మామూలు మట్టి ఇరవై నుంచి ముప్పై, పెళ్లలుగా లేచే బంకమట్టి ముప్పై నుంచి నలభై పెరుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువ పెరిగేది రాయి. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, రాయి ఉబ్బడమేమిటని. బండలో ఖాళీ అన్నదే దాదాపు ఉండదు. దాన్ని ముక్కలు చేస్తే పుట్టే ప్రతి సందూ కొత్తదే. అందుకే పగలగొట్టిన బండ సగానికి సగం పెరుగుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

మీ స్థలంలో మట్టి ఎంత పెరుగుతుందో పుస్తకం చూడకుండా మీరే తేల్చుకోవచ్చు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతున గుంత తవ్వి ఆ మట్టిని ఒక పట్టాపై పోయించండి. గుంతలో పల్చటి ప్లాస్టిక్ షీటు ముడతలు లేకుండా పరిచి అంచుదాకా నీళ్లు పోయండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్‌తో పోస్తే ఐదు బకెట్లు పూర్తిగా, ఆరోది సగం పైన పడుతుంది. అంటే సుమారు 113 లీటర్లు. ఇప్పుడు అదే బకెట్‌తో మట్టిని కొలవండి. తట్టకూడదు, అదమకూడదు, పారతో వదిలినట్టే నింపాలి. ఏడు బకెట్లు వచ్చిందంటే 140 లీటర్లు. 140ని 113తో భాగిస్తే 1.24. నీళ్లతో కొలవడం ఎందుకంటే గుంత గోడలు ఎప్పుడూ నిటారుగా రావు, టేపు అబద్ధం చెబుతుంది. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. పారతో తవ్విన మట్టి మెత్తగా వస్తుంది, పొక్లెయిన్ బకెట్ పెద్ద పెళ్లలు లేపుతుంది. యంత్రం తవ్వకంలో పెరుగుదల మీ బకెట్ చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఉండొచ్చు.

ఇక అన్నయ్య గుంతలోకి దిగుదాం. హైదరాబాద్ నేల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. దాని పైభాగం ఎండకూ వానకూ శిథిలమై మొరంగా మారింది, ఇంకా పైన ఎర్రమట్టి. కాబట్టి ఇక్కడ సెల్లార్ తవ్వితే ఒకే మట్టి రాదు, పొరలు వస్తాయి. బోరు వేసినప్పటి వివరాలూ పక్క ప్లాట్‌లో తెరిచి ఉన్న గుంతా చూసి మేము వేసుకున్న అంచనా ఇది: పైన 3 అడుగులు ఎర్రమట్టి, తర్వాత 5 అడుగులు మొరం, అడుగున 2 అడుగులు బండ. గుంత వైశాల్యం 2,400 చదరపు అడుగులు కనుక ఎర్రమట్టి 7,200, మొరం 12,000, బండ 4,800 ఘనపుటడుగులు. (60, 40 అన్నవి నిజంగా తవ్వే కొలతలు. గోడలు కట్టేవాళ్లు నిలబడటానికి చుట్టూ అడుగున్నర వదిలి తవ్వే చోట ప్లాన్‌లోని కొలతలు పట్టుకుని లెక్కవేస్తే మొదటి అడుగులోనే నూటికి పన్నెండు, పదమూడు పాళ్లు తప్పిపోతారు. చాలామంది చేసే పొరపాటే ఇది.)

ఎర్రమట్టికి 25 శాతం వేస్తే బయటికొచ్చాక 9,000 అవుతుంది. మొరానికి 30 వేస్తే 15,600. బండకు 50 వేస్తే 7,200. మొత్తం 31,800 ఘనపుటడుగులు. ఇరవై నాలుగు వేల గుంతలోంచి దాదాపు ముప్పై రెండు వేలు బయటికి వస్తుంది. తొట్టె కొలత 15 అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, నాలుగున్నర ఎత్తు, అంటే 500 పైచిలుకు. అంచుకు సమంగా నింపితే 64 ట్రిప్పులు.

నలభై ఎనిమిది అరవై నాలుగైంది. ఇంతవరకూ చెబితే అన్నయ్య తల ఊపాడు కానీ వెంటనే అడిగాడు: "మరి ఎనభై ఎక్కడిది?"

చాలామంది లెక్క ఆగిపోయేది ఇక్కడే. తొట్టెలో పడుతుంది కదా అని బండి మోయాలని లేదు. అన్నయ్యకు కుదిరిన బండి మూడు ఇరుసులది. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు ఈ రకం బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు మారింది. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు పదకొండున్నర టన్నులని ఉంది. ఇక మట్టికి మిగిలేది 17 టన్నులు. ఇది బండి బండికీ మారుతుంది కాబట్టి ఆర్‌సీ తీసి ఈ రెండు అంకెలూ చూడటం తప్పనిసరి.

ఇప్పుడు బరువు వైపు నుంచి చూద్దాం. నేలలో ఉన్నప్పుడు ఎర్రమట్టి ఘనపుటడుగుకు సుమారు 51 కిలోలు, మొరం 56, బండ 73 కిలోలు తూగుతాయి. తవ్వాక ఎంత ఉబ్బినా ఆ కిలోలు పెరగవు, తరగవు. కాబట్టి బరువు లెక్కకు స్వెల్‌తో పనే లేదు, గుంత కొలత చాలు. ఎర్రమట్టి 367 టన్నులు, మొరం 672, బండ 350. మొత్తం దాదాపు 1,390 టన్నులు. పదిహేడేసి టన్నుల చొప్పున ఎర్రమట్టికి 22, మొరానికి 40, బండకు 21. కలిపితే 83 ట్రిప్పులు. టిప్పర్లాయన నోటి లెక్కగా చెప్పిన ఎనభై పైన ఇదే. ఆయన ఏ సూత్రమూ వాడలేదు. ఆ నేలనూ ఆ కాటానూ ఎరిగిన మనిషి.

కాబట్టి ట్రిప్పులకు రెండు లెక్కలు వేయాలి. ఉబ్బిన పరిమాణాన్ని తొట్టెతో భాగించాలి, మొత్తం బరువును బండి మోయగలిగిన బరువుతో భాగించాలి. రెండిట్లో ఏది పెద్దదైతే అదే అసలు సంఖ్య. ఈ బండికి హద్దు ఎక్కడుందో కూడా తెలుసుకోవచ్చు. 17 టన్నులను 500తో భాగిస్తే ఘనపుటడుగుకు 34 కిలోలు. వదులుగా ఉన్నప్పుడు అంతకన్నా తేలికైన సరుకు, థర్మల్ కేంద్రం బూడిదలాంటిదైతే తొట్టె ముందు నిండుతుంది, అక్కడ తొట్టె లెక్క చెల్లుతుంది. కానీ మా ఎర్రమట్టి వదులైనా 40 కిలోలు దాటుతుంది. నేలలోంచి తీసే మట్టిలో 34కు లోబడేది చాలా అరుదు. అంటే పెద్ద తొట్టె ఉన్న ఇలాంటి బండ్లలో మట్టి, మొరం, రాయి అంచుదాకా నింపారంటే అది అధిక బరువే అని కాటా లేకుండానే చెప్పొచ్చు. మా లెక్కలో తొట్టె నిండా ఎర్రమట్టి పోస్తే 20 టన్నుల పైన, మొరం అయితే ఇరవై ఒకటిన్నర, బండ అయితే 24 టన్నులు దాటుతుంది. ఏడు టన్నులు ఎక్కువ మోసే బండి వాలులో బ్రేకుకు ఆగదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, దానిపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ట్రిప్పులు తగ్గించి డబ్బు మిగిల్చానని మురిసిపోయే యజమాని నిజానికి ఆ డ్రైవరు ప్రాణాన్నీ, దారిన పోయేవాళ్ల ప్రాణాలనూ పణంగా పెడుతున్నాడు.

మేము చేసింది చిన్న పని. పరిమితికి సరిపడా మట్టి తొట్టెలో ఎంత ఎత్తుకు వస్తుందో లెక్కవేసి లోపలి గోడ మీద పెయింటుతో మూడు గీతలు గీయించాం. ఎర్రమట్టికి అడుగు నుంచి 3 అడుగుల 8 అంగుళాలు, మొరానికి మూడున్నర అడుగులు, బండకు 3 అడుగుల ఒక అంగుళం. ప్రతి పొరలోనూ మొదటి మూడు బండ్లను కాటా ఎక్కించి చీటీలు చూశాం. మొరం గీత ఒక అంగుళం దించాల్సి వచ్చింది, మిగిలినవి సరిపోయాయి. పొక్లెయిన్ ఆపరేటర్‌కు రెండో రోజు నుంచి బకెట్ల లెక్కే అలవాటైపోయింది, గీత వైపు చూసే అవసరం కూడా రాలేదు.

ఇక్కడ శాతాల్లో ఒక చిక్కు ఉంది, అనుభవజ్ఞులూ పడతారు. గుంత నుంచి బండికి వెళ్లేటప్పుడు 25 శాతం కలిపాం. మరి బండిలో ఉన్నదాన్ని గుంత కొలతకు మార్చాలంటే 25 శాతం తీసేయాలా? కాదు, 20 శాతమే. నూరుకు పాతిక కలిపితే నూట పాతిక, నూట పాతికలో ఐదో వంతు తీస్తేనే మళ్లీ నూరు. బండకైతే సగం కలుపుతాం, వెనక్కి వచ్చేటప్పుడు మూడో వంతు తీస్తాం. టిప్పర్ కొలతల మీద బిల్లు వేసే చోట పాతిక కలిపామని పాతికే తీసేస్తే, నూట పాతికలో మిగిలేది 94 కూడా ఉండదు. తవ్వినవాడికి నూటికి ఆరు పాళ్లకు పైగా కూలి ఎగిరిపోయినట్టే. ప్రభుత్వ పనుల్లో బండను కుప్పపెట్టి కొలిచి అందులో సగం ఖాళీగా తీసేసే పద్ధతి ఒకటుంది. ఆ సగం కుప్పలోంచి తీసేది, గుంతకు కలిపేది కాదు. ఈ రెండు సగాలనూ ఒకటే అనుకుని జరిగిన తగాదా ఒకటి నేను కళ్లారా చూశాను. రెండు పక్షాలూ నిజాయితీపరులే, ఎవరి కాగితంలో అంకె వారికి సరిగ్గానే ఉంది.

ఎనభై మూడు ట్రిప్పులూ బయటికి పోవాల్సిన పని కూడా లేదు. సెల్లార్ గోడలు లేచాక వాటి వెనక ఖాళీ పూడ్చాలి. మా లెక్కలో దానికి 2,000 ఘనపుటడుగులు కావాలి. నీళ్లు చల్లి పొరపొరగా దిమ్మిస్తే మట్టి నేలలో ఉన్నప్పటికన్నా కూడా గట్టిగా, నూటికి పది పాళ్లు తక్కువ చోటులో సర్దుకుంటుంది. కాబట్టి దిమ్మించాక 2,000 రావాలంటే నేలలో 2,222 ఉన్న మట్టి ఉంచుకోవాలి, అది కుప్పగా పోస్తే దాదాపు 2,780 అవుతుంది. ఒకే మట్టికి మూడు కొలతలు. రెండు వేలే కదా అని రెండు వేల కుప్ప ఉంచుకున్నవాళ్లు గోడ వెనక పావు వంతుకు పైగా ఖాళీ చూసి మళ్లీ మట్టి కొంటారు, పంపించేయడానికి ఇచ్చిన డబ్బు మీద కొనడానికి ఇంకో డబ్బు.

ఉంచుకున్న కుప్పను గుంత అంచున పోయకూడదు. అంచు మీద బరువు పడితే నిటారు గోడ జారుతుంది, లోపల పనివాళ్లుంటారు. అంచు నుంచి కనీసం ఒకటిన్నర మీటరు లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం వదలాలి. మాకు ప్లాట్ వెనక మూలన చోటుంది కనుక ఎర్రమట్టిని అక్కడ చేర్చాం. దానితో బయటికి పోయే ఎర్రమట్టి 254 టన్నులకు తగ్గింది, 22 ట్రిప్పులు 15 అయ్యాయి. మొత్తం అంచనా 76కు దిగింది.

డబ్బు ఎలా ఇవ్వాలన్నది మిగిలిన ప్రశ్న. ట్రిప్పుకింత అంటే గీత దాకా నింపకుండా కదిలే బండి లాభం. గుంత కొలత మీద ఇంత అంటే గీత దాటి నింపే బండి లాభం. నా మాట అడిగితే గుంత కొలత మీదే ఇవ్వాలి, గీత దాటిన బండిని మాత్రం గేటు దాటనివ్వకూడదు. గుంత గాలికి ఉబ్బదు, వానకు బరువెక్కదు, అందరి కళ్ల ముందు అక్కడే ఉంటుంది. పాత నేలమట్టం ఎక్కడుందో తెలియడానికి గుంత మధ్యలో రెండు చోట్ల మట్టి దిమ్మలు తవ్వకుండా వదిలి, చివర్లో అందరి ముందూ వాటి ఎత్తు కొలిచి అప్పుడు తీసేస్తే వాదనకు తావుండదు. అన్నయ్య అప్పటికే ట్రిప్పు మీద మాట ఇచ్చేశాడు కాబట్టి మేము టోకెన్లతో సరిపెట్టుకున్నాం. గేటు దగ్గర ఒకటి, మట్టి దింపే చోట ఒకటి, రెండూ ఉంటేనే ట్రిప్పు.

పగటిపూట పెద్ద బండ్లను రానివ్వని దారి కావడంతో పని రాత్రిళ్లే నడిచింది. ఐదు టిప్పర్లు, బండికి రాత్రికి నాలుగు ట్రిప్పులు. రెండో రాత్రి వాన పడింది. తెల్లవారి మొరం గీత దాకానే నింపి ఎందుకైనా మంచిదని ఒక బండిని కాటా ఎక్కిస్తే పద్దెనిమిది టన్నుల మూడు వందల కిలోలు చూపించింది. పరిమాణం అదే, పెరిగింది నీళ్ల బరువు. అప్పటికి ఇంకా 24 ట్రిప్పుల మొరం మిగిలి ఉంది. మూడున్నర అంగుళాల కింద కొత్త గీత గీయించి, దానికి రెండు ట్రిప్పులు ఎక్కువవుతాయని అన్నయ్యకు అక్కడే చెప్పాను. చివరి రోజు డబ్బా బోర్లించి టోకెన్లు లెక్కపెడితే 78 వచ్చాయి.